ఉప్పు జాడీ, వెల్డింగ్ రాడ్, 48 గంటలు



అల్‌హమ్దులిల్లాహ్, వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ ఇమ్తిహాన్ సిఎస్‌డబ్ల్యూఐపి 3.1 పాసయ్యాను. రిజల్ట్ వచ్చిన రోజు సెలవు మీద మంగినపూడిలోనే ఉన్నాను. అమ్మీ రెండు రకాత్‌ల షుక్రానా నమాజ్ చదివి, చుట్టుపక్కల ఇళ్ళకు బందరు లడ్డు పంచింది. ఆ మిఠాయి మీ అందరికీ అందదు కాబట్టి, ఈ చదువులో నాకు దక్కిన ఒక సంగతి పంచుతున్నాను. అందులో నా ఖతా కూడా ఉంది.

కొన్నేళ్ళ కిందట సముద్రం పక్కనే ఉన్న ఒక యార్డులో నేను జూనియర్‌ని. 40 మిల్లీమీటర్ల మందం ప్లేట్లకు వెల్డింగ్ జరిగింది. చేసినాయన మా అబ్బా వయసువాడు, అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. వెల్డ్ చల్లారిన సాయంత్రమే తెల్ల పెయింట్ కొట్టి, అయస్కాంతం పెట్టి, నల్ల పొడి కలిపిన ద్రవం చల్లి చూశాను. పగులు ఉంటే పొడి అక్కడ గీతలా పోగవుతుంది. ఏమీ కనపడలేదు. సంతకం చేశాను.

మూడో రోజు ఉదయం వెల్డ్ అంచున నాలుగు వేళ్ళ పొడుగు పగులు కనపడింది. ఉస్తాద్ చేతివాటమే బాగాలేదన్నారు, ఆ పని నుంచి తీసేశారు. నా కాగితం ప్రకారం మొదటి రోజు వెల్డ్ బాగానే ఉంది. అయినా నేను నోరు విప్పలేదు, ఎందుకు పగిలిందో నాకే తెలియదు.

ఇమ్తిహాన్‌కు చదువుతుంటే ఆ పగులే పుస్తకంలో ఎదురైంది. దాని పేరు హైడ్రోజన్ క్రాకింగ్. మా ఇంట్లో వర్షాకాలం ఉప్పు జాడీ సంగతి మీకూ తెలిసిందే. మూత పెట్టినా సముద్రపు గాలికి ఉప్పు చెమ్మగిల్లుతుంది, అమ్మీ అందులో నాలుగు బియ్యపు గింజలు వేస్తుంది. ఇ-7018 రాడ్ పైపూత కూడా అలాగే గాలిలో తేమ పీల్చుకుంటుంది, కంటికి మాత్రం తెలియదు. వెల్డింగ్ మంటలో ఆ నీరు విడిపోయి, హైడ్రోజన్ కరిగిన ఇనుములో కలుస్తుంది. ఇనుము గట్టిపడ్డాక కూడా అది లోపల మెల్లగా నడుస్తూ, వెల్డ్ పక్కన వేడికి గట్టిపడి పెళుసుబారిన భాగంలో చేరుతుంది.

అయితే హైడ్రోజన్ ఒక్కటే పగలగొట్టలేదు. లోహం పెళుసుగా ఉండాలి, చల్లారేటప్పుడు పుట్టిన లాగుడు ఉండాలి, వేడి సుమారు 300 డిగ్రీల కిందికి దిగాలి. నాలుగూ కలిస్తేనే పగులు. మందం ప్లేటు వేడిని గబగబా లాగేసుకుంటుంది, అందుకే పక్క భాగం ఎక్కువ గట్టిపడుతుంది. ముందుగా ప్లేటును వేడి చేయమనేది ఈ చల్లారడాన్ని నెమ్మదింపజేయడానికే.

ఇన్‌స్పెక్టర్ అడగాల్సిన సవాళ్ళు రెండు: పగులు ఎక్కడ, ఎప్పుడు? వెల్డ్ నడిమధ్యన, ఇంకా వేడిగా ఉండగానే చీలితే అది వేరే జబ్బు. అంచున, ఒకటి రెండు రోజుల తరువాత బయటపడితే ముందు హైడ్రోజన్‌నే అనుమానించాలి. అందుకే ఇలాంటి పనుల్లో ఆఖరి పరీక్షకు 48 గంటలు ఆగమంటారు. నా పరీక్షలో తప్పు లేదు, వేళలోనే తప్పు. పుట్టని పగులును పొడి ఎలా చూపిస్తుంది?

అప్పుడు ఆ రోజును మళ్ళీ గుర్తు చేసుకున్నాను. మగ్రిబ్ తరువాత విప్పిన డబ్బాలో మిగిలిన రాడ్లు రాత్రంతా ప్లేటు పక్కనే ఉన్నాయి. పొద్దున పని వాటితోనే మొదలైంది. అమెరికా వెల్డింగ్ కోడ్ డి1.1 ప్రకారం మామూలు ఇ-7018 రాడ్ ఓవెన్ బయట 4 గంటలకు మించి ఉండకూడదు. ఓవెన్‌లో కనీసం 120 డిగ్రీల వేడిలో ఉంచాలి. గడువు దాటితే 260 నుంచి 430 డిగ్రీల మధ్య కనీసం రెండు గంటలు కాల్చి వాడాలి, అదీ ఒక్కసారే. నీళ్ళలో తడిసిన రాడ్ ఇక పనికిరాదు. ఆ పగులుకు అదే కారణమని ఇప్పుడు సుబూత్ చూపలేను. కానీ ఉస్తాద్ చెయ్యే కారణమని ఆ రోజు సుబూత్ చూపినవాళ్ళూ లేరు.

ఇన్‌స్పెక్టర్ సంతకం ఒక గవాహీ. ఇప్పుడు వెల్డ్ చూసే ముందు ఓవెన్ రిజిస్టర్ చూస్తాను. రాడ్లు ఎన్ని గంటలకు బయటికి వచ్చాయి, మిగిలినవి ఎన్ని గంటలకు తిరిగి చేరాయి? ఆ రెండు గడులు ఖాళీగా ఉంటే కలం తీయను.

లడ్డు పంచిన సాయంత్రమే ఉస్తాద్‌కు ఫోన్ చేసి మాఫీ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదాయన. తరువాత అన్నాడు: "బేటా, ఆ రోజు నా చెయ్యి అందరూ చూశారు. రాడ్ ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు."