ఆ రెండు చుక్కలు లెక్కపెట్టకుండా మార్కులు వేసినం

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకొని చదవండి. మేము చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నం. కెమిస్ట్రీ చదివేటోళ్లకు పనికొస్తదని అనుకుంటున్నం.

మేము నిజామాబాద్‌ల హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంట్ల అడుగుదామంటే చెప్పేటోళ్లు ఉండరు కాబట్టి, హాస్టల్లో ఫస్ట్ ఇయర్ తమ్ముళ్లకు ఆదివారం పూట మేమే చిన్న చిన్న పరీక్షలు పెట్టి, మేమే పేపర్లు దిద్దుతం. ఒక ఆదివారం ఇచ్చిన ప్రశ్న ఇది: SO₂ లూయీ చుక్కల నిర్మాణం గీసి, ఎలక్ట్రాన్ జంటల వికర్షణ ప్రకారం దాని ఆకారం చెప్పండి. ఐదు మార్కులు.

SO₂నే ఎందుకు ఇచ్చినమంటే, తమ్ముళ్లల్ల చాలామంది బోధన్ దిక్కు తండాలోళ్లు. చెరుకు కొట్టుడు, బండ్లకు ఎత్తుడు తెలిసిన ఇండ్లు. చక్కెర మిల్లుల్లో గంధకాన్ని కాల్చి, వచ్చిన SO₂ గ్యాసును సున్నం కలిపిన చెరుకు రసంలోకి పంపుతరు. అప్పుడు ఏర్పడే కాల్షియం సల్ఫైట్ రసంలోని మలినాలను పట్టుకొని కిందికి దిగుతది, రసం రంగు కూడా తగ్గుతది. మన దేశంలో చాలా మిల్లుల్లో తెల్ల చక్కెర ఇట్లనే వస్తది. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది కానీ, ఆ ఊరి పిల్లలకు చెరుకు రసం నుంచి చెప్తే ఏదైనా ఎక్కుతదని మా ఆశ.

ఇగ పేపర్ల సంగతికి వస్తం. మొదటి పేపర్ చేతిరాత ముత్యాల్లెక్క ఉంది. స్కేలు పెట్టి O=S=O అని ఒకే గీతలో గీసిండు. రెండు ఆక్సిజన్ల మీద రెండేసి ఒంటరి జంటలు పెట్టిండు. సల్ఫర్ మీద ఏమీ లేదు. కింద "ఆకారం: కోణీయం, 119.5 డిగ్రీలు" అని రాసిండు. ఆకారం కరెక్టే కదా అని ఐదుకు ఐదు వేసినం.

రెండో పేపర్ గజిబిజిగా ఉంది. ఒక పక్క ద్విబంధం, ఇంకో పక్క ఏకబంధం. సల్ఫర్ మీద ప్లస్, ఏకబంధం ఉన్న ఆక్సిజన్ మీద మైనస్. సల్ఫర్ పైన నోట్‌బుక్కు గీత మీద ఏదో పెన్ను మరక ఉంది. మా గైడ్‌లో రెండు దిక్కులా ద్విబంధాలే ఉన్నయి కాబట్టి "నిర్మాణం తప్పు" అని ఎర్రపెన్నుతో కొట్టేసి ఒక్క మార్కు ఇచ్చినం. ఆ తమ్ముడు పేపర్ తీసుకొని ఏం మాట్లాడలే. రాత్రి మా రూముకొచ్చి, "అన్నా, నాకు సైన్స్ అయితలేదు, గ్రూపు మార్పించుకుంటా" అన్నడు.

మాకు గుండెల రాయి పడ్డట్టయింది. తెల్లారి రెండు పేపర్లూ మా కెమిస్ట్రీ సార్ దగ్గరికి తీసుకపోయినం. సార్ ఆకారం దిక్కు చూడనే లేదు. "ముందు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టిన్రా?" అని అడిగిండు. మేము పెట్టలే.

అక్కడే కూసొని పెట్టినం. సల్ఫర్‌కు బయటి కక్ష్యలో 6, ఒక్కో ఆక్సిజన్‌కు 6. మొత్తం 18. బొమ్మలో కూడా సరిగ్గా 18 కనపడాలె, ఒక్కటి ఎక్కువ కావొద్దు, ఒక్కటి తక్కువ కావొద్దు.

మొదటి పేపర్‌లో రెండు ద్విబంధాలకు 8, ఆక్సిజన్ల మీది నాలుగు జంటలకు 8. మొత్తం 16. రెండు ఎలక్ట్రాన్లు మాయం. సార్ నవ్వి, "16 ఎవరికి ఉంటయి?" అన్నడు. కార్బన్ డయాక్సైడ్‌కు: కార్బన్‌కు 4, ఆక్సిజన్లకు 12. అంటే ఆ తమ్ముడు CO₂ బొమ్మ గీసి, నడుమ C బదులు S రాసిండు. ఆ బొమ్మ ప్రకారం నడుమ పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు రెండే దిక్కుల ఉన్నయి. అవి ఒకదాన్నొకటి తోసుకుంటే ఎదురెదురుగా, 180 డిగ్రీల దూరం పోతయి. ఆకారం తిన్నగా రావాలె. కింద మాత్రం కోణీయం అని ఉంది. బొమ్మ ఒకటి చెప్తుంటే జవాబు ఇంకోటి చెప్తుంది. అది బట్టీ పట్టిన జవాబు.

రెండో పేపర్‌లో ద్విబంధానికి 4, ఏకబంధానికి 2, ఒక ఆక్సిజన్ మీద 4, ఇంకో దాని మీద 6. ఇదీ 16 అయింది. సార్ పేపర్‌ను ట్యూబులైటుకు ఎదురుగా పట్టిండు. మేము మరక అనుకున్నది మరక కాదు, గీత మీద పక్కపక్కనే పడ్డ రెండు చుక్కలు. సల్ఫర్ ఒంటరి జంట అది. మొత్తం 18. సల్ఫర్ చుట్టూ 8, అష్టకం నిండింది. ప్లస్, మైనస్ గుర్తులు కూడా సరిగ్గా ఉన్నయి.

మరి గైడ్‌లోని బొమ్మ తప్పా అని అడిగినం. కాదన్నడు సార్. గైడ్‌లో రెండు ద్విబంధాలతో పాటు సల్ఫర్ మీద ఒంటరి జంట కూడా ఉంది. 8, 8, 2 కలిపితే 18. అందులో సల్ఫర్ చుట్టూ 10 ఉంటయి. మూడో పీరియడ్ మూలకం కాబట్టి అట్ల గీయడాన్ని పుస్తకాలు ఒప్పుకుంటయి. అసలు అణువులో రెండు బంధాలూ ఒకే పొడుగు, సుమారు 143 పికోమీటర్లు. అందుకే తమ్ముడు గీసినట్టు ఏకబంధం, ద్విబంధం వేరువేరుగా గీస్తే, రెండింటినీ తారుమారు చేసిన ఇంకో బొమ్మ కూడా పక్కన పెట్టి, నడుమ రెండు మొనల బాణం గీయాలె. దాన్నే రెజొనెన్స్ అంటరు. అది గీయలేదని అర మార్కు తగ్గించొచ్చు, బొమ్మను కొట్టేయొద్దు.

ఏ బొమ్మ గీసినా ఆకారానికి వచ్చే లెక్క ఒక్కటే. ద్విబంధమైనా, ఏకబంధమైనా ఒక దిక్కు కిందనే లెక్క. రెండు బంధాలు, ఒక ఒంటరి జంట, మొత్తం మూడు దిక్కులు. మూడూ సమానంగా తోసుకుంటే 120 డిగ్రీలు. ఒంటరి జంట ఎక్కువ జాగ తీసుకొని బంధాలను కొంచెం దగ్గరికి నెడతది. కాబట్టి "కోణీయం, 120 కంటే కొంచెం తక్కువ" అన్నంత వరకే ఈ సిద్ధాంతం చెప్పగలదు. 119.5 అనేది కొలిచి తెలుసుకున్న సంఖ్య. పిల్లలు అది రాయలేదని మార్కులు కోయొద్దని సార్ చెప్పిండు.

SO₂ నిజంగా వంగి ఉందని ఎట్ల తెలుస్తది? రెండు S–O బంధాల్లోనూ ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ దిక్కు గుంజబడతయి. అణువు తిన్నగా ఉంటే ఆ రెండు గుంజుళ్లు ఎదురెదురై కొట్టుకపోయి, ద్విధ్రువ భ్రామకం సున్నా కావాలె. CO₂కు సున్నానే. SO₂కు కొలిస్తే సుమారు 1.6 డిబై వస్తది. మనం మరిచిపోయిన రెండు చుక్కలే అణువును వంచుతున్నయి.

ఆ సాయంత్రం పేపర్లు మళ్లీ దిద్దినం. మొదటి తమ్ముడికి రెండు, రెండో తమ్ముడికి నాలుగున్నర. మొదటాయనను కూసోబెట్టి అతని బొమ్మలోనే 16 లెక్కపెట్టించినం. రెండో ఆయన రూముకు మేమే పోయి, "తమ్మీ, తప్పు మాది, నీది కాదు" అని చెప్పినం. గ్రూపు మార్చుడు మాట మళ్లీ ఎత్తలేదు. "అన్నా, ఈసారి చుక్కలు లావుగా పెడతా" అని మాత్రం అన్నడు.

పోయిన ఆదివారం ఓజోన్ ఇచ్చినం. దానికీ 18 ఎలక్ట్రాన్లే. ఈసారి ఎర్రపెన్ను తీసే ముందు, ప్రతి పేపర్ మీద పెన్సిల్‌తో మొత్తం వేసుకున్నం.