ఊఁ అంటే ఒప్పుకోలేనా?

కన్య మౌనమే ఆమె సమ్మతి అన్న హదీసు మన ఇళ్లలో అందరికీ తెలుసు. కన్యకు సిగ్గు కదా అని హజ్రత్ ఆయిషా (రజి) ప్రశ్నించినప్పుడు దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానమది. ఆ మౌనానికి హనఫీ ధర్మవేత్తలు విధించిన షరతులు మాత్రం ఎవరూ తలచుకోరు. అడిగినది వలీ గాని, ఆయన పంపిన మనిషి గాని కావాలి. వరుడెవరో ఆమెకు తెలిసి ఉండాలి. పరాయివారు అడిగితే మౌనం చాలదు, నోటితో చెప్పవలసిందే. నిశ్శబ్దంగా కన్నీరు జారితే అంగీకారమనీ, బిగ్గరగా ఏడిస్తే నిరాకరణ అనీ, చివరకు సందర్భాన్ని బట్టి గ్రహించాలనీ అన్నారు.

సి.బెళగల్ నుండి మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్లిన ఒక తండ్రి, ఎమ్మిగనూరు సంబంధం గురించి కుమార్తెకు వాట్సాప్‌లో వ్రాశాడు. మూడు రోజులు బదులు లేదు. నాలుగో రోజు "ok" అని వచ్చింది. "ఇది మౌనం కంటె ఎక్కువే కదా, మౌలానా సాబ్?" అని మాకు ఫోన్ చేశాడు.

వరుని పేరు వ్రాశావా అని అడిగాము. లేదన్నాడు. "ok"కు ముందు చివరగా ఏమి పంపావని అడిగాము. "మీ అమ్మ అన్నం తినడం లేదు, జవాబివ్వు" అని పంపాడట. ఆ అక్షరాలు రెండూ దానికే బదులు కావచ్చును. కథ వింటూ ఊఁ కొట్టే పిల్ల మెలకువగా ఉన్నట్లే గాని, కథ నచ్చినట్లు కాదు.

"సరేనా" అనక, "నీవేమంటావు" అని తల్లిచేత అడిగించమన్నాము. ఆ రాత్రి ఫోనులో అమ్మాయి మొదట అడిగినది వరుని పేరే. తరువాత వయసు. సమ్మతి మాట ఇంకా రాలేదు.