బి మీద పెట్టామా, ఎ మీద పెట్టామా

ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు "ఇన్‌స్పెక్షన్‌లో పని అంటే వెర్నియర్ పట్టుకుని కొలవడమేనా?" అని అడుగుతున్నారు. మేమూ అట్లనే అనుకున్నాం. తర్వాత ఏమైందో రాస్తున్నాం, పోస్టు కొంచెం పొడుగే.

మేము ముగ్గురం ఒకే ఆశ్రమ పాఠశాల, ఒకే హాస్టల్. అప్రెంటిస్‌గా హైదరాబాద్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో చేరాం. మూడో నెలలో మా చేతికి ఒక అల్యూమినియం దిమ్మె వచ్చింది. 120 మి.మీ. పొడవు, 80 వెడల్పు, 40 మందం. పై ముఖం నుంచి అడుగు ముఖం దాకా నిలువుగా ఒక 10 మి.మీ. రంధ్రం. డ్రాయింగ్‌లో అడుగు ముఖానికి ఎ, పొడుగు పక్కకు బి, పొట్టి పక్కకు సి అని నల్ల త్రికోణం పెట్టి అక్షరాలు రాసి ఉన్నాయి. రంధ్రం బి నుంచి 30, సి నుంచి 40 దూరంలో ఉండాలి. ఆ రెండు అంకెల చుట్టూ డబ్బాలు ఉన్నాయి. పక్కన ఇంకో పొడుగాటి డబ్బాలో పొజిషన్ గుర్తు, వ్యాసం 0.2, తర్వాత వరసగా ఎ, బి, సి.

అంటే రంధ్రం మధ్యగీత అసలు ఉండాల్సిన చోటు చుట్టూ 0.2 వ్యాసం ఉన్న సన్నని గొట్టం లోపలే ఉండాలి. ఒక దిక్కులో తేడా లేకపోతే రెండో దిక్కులో అటు 0.1, ఇటు 0.1 దాకా జరగొచ్చు. ఇంతవరకు మాకు తెలుసు. వరసగా ఉన్న ఆ మూడు అక్షరాలను మాత్రం మేము పేర్లలాగా చదివాం. ఎ అక్కడ, బి ఇక్కడ, సి అక్కడ, సరే అనుకున్నాం. ఆ వరస ఒక ఆర్డర్ అని మాకు తట్టలేదు.

30 అనేది బి నుంచి కదా అని, దిమ్మెను బి పక్క కిందికి పెట్టి సర్ఫేస్ ప్లేట్ మీద కూర్చోబెట్టాం. కదలకుండా బాగా కూర్చుంది. రంధ్రంలో బిగువుగా పట్టే 10.00 గేజ్ పిన్ దూర్చి, హైట్ గేజ్‌కు లివర్ డయల్ కట్టి పిన్ నెత్తిన ఎత్తు చూశాం, అందులోంచి సగం వ్యాసం 5 తీసేశాం. పిన్ రెండు వైపులా బయటికి వచ్చింది కానీ మేము పై ముఖం వైపే చూశాం. మాకు అదే దగ్గర.

ఇరవై అయిదు ముక్కల్లో తొమ్మిదికి ఎర్ర రంగు పూశాం. మెషిన్ ఆపరేటర్ అన్న వచ్చి "నా డ్రిల్లు తప్పు పోలేదురా" అని కోపం చేసిండు. మా దగ్గర అంకెలు ఉన్నాయి కాబట్టి మేము తగ్గలేదు. నాలుగు రోజులకు, మేము ఓకే చేసి పంపిన వాటిలోంచి మూడు వెనక్కి వచ్చాయి. బిగించిన తర్వాత రంధ్రంలో డోవెల్ పిన్ దిగడం లేదట. మంచివి ఆపినం, చెడ్డవి పంపినం. ఆ రాత్రి రూములో ముగ్గురికీ అన్నం సరిగా దిగలేదు. అప్రెంటిస్ తీసేస్తే ఊరికి పోయి ఏం చెప్పాలో తెలియలేదు.

తెల్లారి మా ఇన్‌స్పెక్షన్ సార్ తిట్టలేదు. ఎర్ర రంగు ముక్క ఒకటి తీసుకుని "దీన్ని మెషిన్‌కు బిగించేటప్పుడు ముందు ఏ ముఖం కూర్చుంటది?" అని అడిగారు. అడుగు ముఖం సార్, నాలుగు బోల్టులు దాన్నే లాగుతాయి అన్నాం. "మరి మీరు కూర్చోబెట్టింది దేని మీద?"

యాంగిల్ ప్లేట్ తెచ్చి సర్ఫేస్ ప్లేట్ మీద నిలబెట్టారు. దిమ్మె అంచుల మీద బర్ ఉందేమో గోటితో చూసి, నూనెరాయితో రుద్ది, తుడిచారు. అడుగు ముఖం ఎ ను యాంగిల్ ప్లేట్ నిలువు ముఖానికి పూర్తిగా ఆనించి, క్లాంపు వదులుగా పెట్టి, బి పక్క కింద ప్లేట్‌ను తాకేదాకా దించి, అప్పుడు బిగించారు. "ఇప్పుడు కింద చూడండి."

బి పక్క మొత్తం ఆనలేదు. ఎ వైపు అంచు మాత్రమే గీతలాగా తాకుతోంది. పై ముఖం వైపు సన్నగా వెలుతురు కనిపిస్తోంది. 0.10 ఫీలర్ దూరింది, 0.15 దూరలేదు. కొలిస్తే సందు 0.12. బి పక్క ఎ కు సరిగ్గా లంబంగా లేదన్నమాట. డ్రాయింగ్‌లో దానికి 0.15 దాకా ఒప్పుకున్నారు కాబట్టి అది తప్పు కూడా కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ముక్కకు మేము రాసుకున్నది 29.84. తేడా 0.16, వ్యాసంగా చూడాలంటే రెట్టింపు, 0.32. రిజెక్ట్. సార్ పెట్టిన తీరులో పిన్ రెండు కొసల దగ్గరా 29.96 వచ్చింది. తేడా 0.04, రెట్టింపు 0.08, సి వైపు తేడా లేదు. మంచి ముక్క. మేము బి మీద పడుకోబెట్టినప్పుడు దిమ్మె మొత్తం ఆ 0.12 మేరకు వాలింది, పై ముఖం వైపు పిన్ కిందికి దిగింది. వెనక్కి వచ్చిన వాటిలో ఒకటి మా పుస్తకంలో 30.01, ఎంతో బాగుంది. సరిగ్గా పెడితే 30.13, రెట్టింపు 0.26. అది చెడ్డ ముక్కే, వాలు దాన్ని దాచిపెట్టింది.

డబ్బాలో ఎ ముందు రాసి ఉందంటే అర్థం అదే. ముందు ఎ కనీసం మూడు చోట్ల ఆనాలి, దాంతో దిమ్మె వాలు మొత్తం ఖాయమైపోతుంది. తర్వాత బి రెండు చోట్ల ఆనితే చాలు, అదీ ఎ ను కదపకుండా. చివర సి ఒక్క చోట. కొలిచేది బి పక్క చర్మం మీంచి కాదు. ఎ కు లంబంగా నిలబడి, బి లో బయటికి పొడుచుకొచ్చిన చోటును తాకే తలం నుంచి. అదే బి, ఎ అని వరస తిప్పి రాసి ఉంటే మేము పెట్టిన తీరే కరెక్ట్ అయ్యేది. అప్పుడు కూడా ఒక్క కొసే చూడటం తప్పే అనుకోండి.

అసలు ఆ రోజు పిన్ రెండో కొస కూడా చూసుంటే 0.12 తేడా అప్పుడే దొరికేది. అయితే కొసల తేడా వచ్చినంత మాత్రాన దిమ్మె వాలిందని అనలేం, రంధ్రమే వంకరగా పడి ఉండొచ్చు. ఎ ను ఆనించి మళ్లీ చూస్తే తేలిపోతుంది. తేడా పోతే మనం పెట్టింది తప్పు, ఉంటే డ్రిల్లు తప్పు.

ఇప్పుడు మేము పనిచేసే చోట సీఎంఎం ఉంది. అందులోనూ ఇదే తప్పు చేయొచ్చు. ఎ ను ముందు తలంగా తీసుకున్నా, బి ని సగం ఎత్తులో రెండు చోట్ల తాకితే ఆ ముక్కకు 0.06 తప్పు వస్తుంది. కాబట్టి బి ఎటు వాలిందో ముందు చూసుకుని, బయటికి ఉన్న వైపు తాకుతాం.

పాత డ్రాయింగ్‌లలో ఈ అక్షరాలే ఉండవు. అప్పుడు బిగించేటప్పుడు ఏది ముందు కూర్చుంటుందో అడిగి, అది కాగితం మీద రాయించుకుని కొలుస్తాం. మాలో ఒకడికి ఇది చెప్పగానే వాళ్ల తాత గుర్తొచ్చాడు. ఇంటి గుంజలు కొట్టేటప్పుడు తాత పంగ నుంచి కిందికి కొలిచేవాడట. దూలం కూర్చునేది పంగలో కదా, మొదలు ఎట్లా ఉన్నా మట్టిలోకే పోతుంది.

ఆ తొమ్మిదింటినీ మేమే మళ్లీ కొలిచాం. ఏడు బాగున్నాయి. థిన్నర్‌తో ఎర్ర రంగు తుడిచి, ఆపరేటర్ అన్న దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ఏమీ అనలేదు, టీ చెప్పిండు.