బాబాయి అనని మాట

మా వర్క్‌షాప్‌లో లేత్ సెక్షన్ చూసుకునే బాబాయి రిటైర్ అవుతున్నారని తెలిసి, మ్యాగజైన్‌కి ఆయన ఇంటర్వ్యూ చేద్దామని క్లబ్‌లో అనుకున్నాం. ఆ పని నాకు పడింది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఆయన స్టూల్ పక్కన కూర్చున్నా. 48 నిమిషాలు మాట్లాడారు. అసలు పని అయిపోయింది, ఇక టైప్ చేసి పంపడమే కదా అనుకున్నా. అసలు పని అప్పుడే మొదలైందని నాకు తెలీదు.

విన్నది విన్నట్టు టైప్ చేయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. చదువుకుంటే ఏమీ అర్థం కాలేదు. ఎదురుగా కూర్చుని వింటున్నప్పుడు ఎంతో బాగున్న మాటలు, కాగితం మీద "అంటే", "ఏంటంటే", "మరి", "అదే", "అన్నమాట" మధ్య ఇరుక్కుపోయాయి. ఇంజనీరింగ్ బుర్ర కదా, వెంటనే ఫైండ్ అండ్ రీప్లేస్ ఓపెన్ చేశా. "అంటే" అని కొట్టి, రీప్లేస్ దగ్గర ఖాళీ వదిలి, అన్నీ ఒకేసారి తీసేశా.

తర్వాత చూసుకుంటే "సార్ వద్దు అంటే మానేశాను" అన్న వాక్యం "సార్ వద్దు మానేశాను" అయింది. "లాగ్ బుక్ అంటే భయం" కాస్తా "లాగ్ బుక్ భయం" అయింది. అన్నిటికంటే ఘోరం ఇంకోటి. "ఇక్కడ జాబ్ అంటే ఉద్యోగం కాదు బాబూ, మనం చేసే ఇనప ముక్క" అని ఫస్టియర్ వాళ్ళకి చెప్పే మాట ఒకటి చెప్పారు. అది "ఇక్కడ జాబ్ ఉద్యోగం కాదు" అని మిగిలింది. చదివినవాళ్ళు మా బాబాయికి పర్మనెంట్ కాలేదేమో అనుకుంటారు!

అంటే ఒకే "అంటే" నాలుగు పనులు చేస్తోంది. ఒకచోట అర్థం చెబుతోంది, ఒకచోట "అని చెబితే" అనే అర్థంలో వస్తోంది, ఒకచోట "ఫలానాదాని విషయంలో" అంటోంది. నాలుగోది మాత్రమే ఊపిరి తీసుకోవడానికి వాడింది. తీసేయాల్సింది ఆ నాలుగోదాన్నే. అది తెలియాలంటే ఆ వాక్యాన్ని మళ్ళీ వినాలి. ఊరికే వచ్చే "అంటే" తర్వాత గొంతు కాసేపు ఆగుతుంది, పని చేసే "అంటే" పక్క మాటను పట్టుకుని వెళ్ళిపోతుంది. కంట్రోల్ జడ్ కొట్టి, మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చా.

అయినా అసలు తప్పు అక్కడ జరగలేదు. 31వ నిమిషంలో బాబాయి ఒక పాత సంగతి చెప్పారు. నేను టైప్ చేసింది ఇదీ:

"అంటే... ఏంటంటే బాబూ, మరి ఆ లేత్ ఉంది కదా, అదే, మూలన ఉన్నది, దాని మీద, ఆఁ, ఒకసారి ఒక కుర్రాడు, చక్ కీ ఉంటది కదా, అది తీయకుండానే ఆన్ చేశాడంట. అంటే నేను అప్పుడు లేనన్నమాట, స్టోర్స్‌కి ఎళ్ళాను. మరి కీ ఎగిరొచ్చి, అదే, భుజానికి తగిలింది. ఆ కుర్రాడిదే తప్పేమో మరి... లేకపోతే ఆ రోజు మేమే సరిగ్గా చెప్పలేదేమో. అలా అయిందన్నమాట."

49 మాటలు. దీన్ని నేను ఇలా నున్నగా చేశా:

"మూలనున్న లేత్‌ను ఒక విద్యార్థి చక్ కీ తీయకుండానే ఆన్ చేశాడు. కీ ఎగిరి అతని భుజానికి తగిలింది. తప్పు ఆ విద్యార్థిదే."

17 మాటలు. నా పనితనానికి నేనే మురిసిపోయా. మ్యాగజైన్‌కి పంపేముందు ఒకసారి వినిపిద్దామని వర్క్‌షాప్‌కి వెళ్ళి చదివా. బాబాయి చేతిలో ఉన్న వేస్ట్ గుడ్డ పక్కన పెట్టి, "నేనలా అనలేదు బాబూ" అన్నారు.

"మీ మాటలే బాబాయ్, కొంచెం సరిచేశానంతే" అన్నా.

"నేను చూశానని అన్నానా? తప్పు వాడిదేనని అన్నానా? అయినా కీ తగిలింది వాడికి కాదు, పక్కనున్నోడికి. వాడు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. రేపు ఇది చదివితే బాబాయి ఇన్నేళ్ళూ మనసులో ఇదా పెట్టుకున్నాడు అనుకోడా?"

రూముకొచ్చి రికార్డింగ్ మళ్ళీ విన్నా. ఆయన చెప్పింది నిజమే. "చేశాడంట"లో ఉన్న "అంట"ని నేను తీసేశా. దాంతో ఎవరో చెప్పగా విన్నది ఆయన కళ్ళతో చూసినట్టు అయిపోయింది. నేను తోక అనుకుని కోసింది ఆయన సాక్ష్యం హద్దుని. "తప్పేమో"లో "ఏమో" పోగానే అనుమానం కాస్తా తీర్పు అయింది. "మేమే సరిగ్గా చెప్పలేదేమో" అన్న వాక్యం సాగదీతలా అనిపించి మొత్తం కొట్టేశా. ఆయన తన మీద వేసుకున్న సగం బరువు అలా పోయింది. ఇక "అతని" అన్న మాట ఆయన అననేలేదు. వాక్యం సాఫీగా ఉంటుందని నేను చేర్చా, దెబ్బ తగిలిన మనిషే మారిపోయాడు.

ఈసారి ఇలా రాశా:

"మూలనున్న లేత్ మీద ఒకసారి ఒక కుర్రాడు చక్ కీ తీయకుండానే ఆన్ చేశాడంట. నేను అప్పుడు లేను, స్టోర్స్‌కి వెళ్ళాను. కీ ఎగిరొచ్చి [పక్కనున్నతని] భుజానికి తగిలింది. ఆ కుర్రాడిదే తప్పేమో. లేకపోతే ఆ రోజు మేమే సరిగ్గా చెప్పలేదేమో."

30 మాటలు. చదవడానికి ఎక్కడా అడ్డం లేదు. తర్వాత అడిగి తెలుసుకున్నదాన్ని బ్రాకెట్లో పెట్టా, అది రికార్డింగ్‌లో లేదని తెలియాలి కాబట్టి. "ఎళ్ళాను"ని "వెళ్ళాను" చేశా. పోయిన సంచికలో మేం వేసిన ప్రొఫెసర్ గారి ఇంటర్వ్యూలో ఆయన కూడా "ఎళ్ళాను" అనే అన్నారు, అక్కడ "వెళ్ళాను" అనే అచ్చయింది. బాబాయికి మాత్రం ఉన్నదున్నట్టు వేస్తే అది యాస మీద ప్రేమ కాదు, వెక్కిరింపు అవుతుంది. "ఎగిరొచ్చి", "కుర్రాడు" మాత్రం ముట్టుకోలేదు. వాటిని "ఎగిరి", "విద్యార్థి" చేస్తే గొంతు నాదైపోతుంది.

అప్పటి నుంచీ ఏ మాట కొట్టేయబోయినా ముందు మూడు చూసుకుంటున్నా. ఇది పోతే, ఆయన చూసిందీ విన్నదీ కలిసిపోతాయా? అనుమానం నిశ్చయం అయిపోతుందా? చేసినవాడో పడ్డవాడో మారిపోతాడా? మూడిటికీ కాదు అని వస్తేనే డిలీట్.

ఇలా చూసుకోబట్టే చివర్లో ఒక మాట మిగిలింది. "ఈ పని మీకు ఇష్టమేనా బాబాయ్?" అని అడిగా. రికార్డింగ్‌లో కాసేపు ఏమీ లేదు, దూరంగా గ్రైండర్ చప్పుడు తప్ప. తర్వాత "ఇష్టమేలే" అన్నారు. మొదటి వెర్షన్‌లో నేను "ఇష్టమే" అని రాశా. రెండూ ఒకటి కావు. ఆ "లే"లో ఏముందో నాకు పూర్తిగా తెలీదు, అందుకే దాన్ని తీసే హక్కు నాకు లేదనిపించింది. "(కాసేపు ఆగి) ఇష్టమేలే" అని వేశా.

మళ్ళీ వెళ్ళి చదివి వినిపించా. ప్రమాదం దగ్గర తల ఊపారు. చివరి మాట దగ్గర నవ్వి, "అది కూడా రాశావా?" అన్నారు. తీసేయమంటారా అని అడిగా.

"ఉండనీలే" అన్నారు.