జీరో డబ్ల్యూ అంటే పల్చన కాదు

మా నాన్న ఒంగోల్లో బైక్ మెకానిక్. షెడ్డులో చిన్నప్పటి నుంచీ నేను విన్న మాట ఒకటే: ఆయిల్ చిక్కగా ఉంటే ఇంజన్‌కి మంచిది. ఆ ఒక్క మాట పట్టుకుని పోయిన నవంబర్లో నేను మా బావకి సలహా ఇచ్చాను. ఈ వ్యాసం ఆ సలహా గురించే.

అక్కా బావా డాలస్ నుంచి మినియాపోలిస్‌కి మారారు. కారుతో పాటు డాలస్‌లో కొన్న 10డబ్ల్యూ-30 ఆయిల్ డబ్బా కూడా తెచ్చుకున్నారు. మాన్యువల్‌లో చలి ప్రాంతాలకి 0డబ్ల్యూ-30 వాడమని ఉందట. "కొత్తది కొనాలా, ఉన్నది పోసేయనా?" అని బావ అడిగారు. "సున్నా అంటే మరీ పల్చన బావా, ఇంజన్ అరిగిపోద్ది. ఉన్నదే పోసేయండి" అన్నాను. డబ్ల్యూ అంటే వెయిట్ అనుకునేవాణ్ణి లెండి.

జనవరిలో ఒక రోజు ఇక్కడ సాయంత్రం ఏడింటికి బావ వీడియో కాల్ చేశారు. అక్కడ ఉదయం, మైనస్ 32 డిగ్రీలు. స్టార్టర్ మూలిగి ఆగిపోతోంది. పక్కింటాయన కారు బ్యాటరీకి కేబుల్స్ కలిపితే ఇంజన్ స్టార్ట్ అయింది. నేను చప్పట్లు కొట్టేలోపే నాన్న నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. ఇంజన్ పైభాగం నుంచి టకటకమని శబ్దం. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు ఆరట్లేదు.

"అల్లుడుగార్ని ముందు బండి ఆపేయమనరా!"

ఆపేశారు. అప్పటికి పదిహేను సెకన్లు తిరిగుంటుంది. మామూలుగా ఆ లైటు క్షణాల్లో ఆరిపోవాలి. ఆరలేదంటే పంపు ఆయిల్‌ని పైకి పంపట్లేదని. అన్నిటికంటే పైనున్న క్యామ్‌షాఫ్ట్‌కి ఆయిల్ అందేది ఆలస్యంగానే. అందేదాకా, నిన్నటి నుంచి అంటుకుని ఉన్న సన్నటి పొర తప్ప లోహానికీ లోహానికీ మధ్య ఏమీ ఉండదు. స్టార్టింగ్ అరుగుదల అంటే ఇదే.

ఆ రాత్రి కూర్చుని చదివాను. డబ్ల్యూ అంటే వింటర్. వెనకున్న 30, ఇంజన్ వేడెక్కాక 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలో చెప్తుంది. 0డబ్ల్యూ-30కీ 10డబ్ల్యూ-30కీ అక్కడ హద్దులు ఒకటే. అంటే సున్నా ఆయిల్ వేడిలో ఎక్కువ పల్చన కాదు, చలిలో తక్కువ గట్టిపడుతుంది, అంతే.

చలికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది, స్టార్టర్ ఇంజన్‌ని తిప్పగలదా? డబ్ల్యూ ముందున్న అంకెలోంచి 35 తీసేస్తే ఆ పరీక్ష డిగ్రీలు వస్తాయి. రెండోది, పంపు ఆయిల్‌ని లాగగలదా? దీనికి 40 తీసేయాలి. 10డబ్ల్యూకి మైనస్ 25, మైనస్ 30. 0డబ్ల్యూకి మైనస్ 35, మైనస్ 40. మధ్యలో ఆ 5 డిగ్రీల తేడా కావాలనే పెట్టారు. ఇంజన్ తిరిగిందంటే ఆయిల్ కూడా కచ్చితంగా పారాలని. తిరగలేదంటే అది ఒక రకంగా రక్షణే. మేము పక్కింటి బ్యాటరీతో బలవంతంగా దాటింది ఆ రక్షణనే.

రెండో పరీక్ష ఇప్పుడున్న రూపానికి రావడం వెనక మినియాపోలిస్ పక్క రాష్ట్రం కథ ఉంది. 1980-81 చలికాలంలో సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో ఇంజన్లు దెబ్బతిన్నాయి. ల్యాబ్‌లో పాసైన ఆయిలే, బయట నెమ్మదిగా చల్లారేసరికి జెల్లీలా పేరుకుంది. డిసెంబర్లో కొబ్బరినూనె డబ్బాలో వేలు పెట్టి తీస్తే అక్కడ గుంట మిగిలిపోతుంది చూడండి, చుట్టూ ఉన్న నూనె వచ్చి నింపదు. ఆయిల్ పంపు దగ్గరా అంతే. ఒక గుంట ఆయిల్ లాగేసి, తర్వాత గాలి పీలుస్తుంది. అందుకే ఇప్పుడు ఆయిల్‌ని రెండు రోజుల పాటు నెమ్మదిగా చల్లార్చి పరీక్షిస్తారు.

కారుని టో చేయించి, వేడిగా ఉండే షెడ్డులో ఒక రోజు ఉంచి, 0డబ్ల్యూ-30 పోశారు. ఇప్పుడు లైటు వెంటనే ఆరుతోంది. బావ రాత్రిళ్ళు బ్లాక్ హీటర్ ప్లగ్గు కూడా పెడుతున్నారు, ఎందుకంటే చలికి బ్యాటరీ బలం పడిపోవడాన్ని ఏ ఆయిలూ ఆపలేదు. ఆ పదిహేను సెకన్లలో ఎంత అరిగిందో మాత్రం ఇంజన్ విప్పితే గానీ తెలీదు.

నాన్నకి ఇదంతా చెప్పాను. షెడ్డులో 20డబ్ల్యూ-40 డబ్బా తిప్పి చూశాడు. "అయితే ఇది మైనస్ ఇరవై దాకా పారుద్దన్నమాట. మన ఒంగోలుకి చాల్లే" అన్నాడు. కాసేపాగి, "నా మాట ఒంగోలు వరకే రా, నువ్వు దాన్ని అమెరికా పంపావు" అన్నాడు.