పచ్చి పప్పు లెక్క

నాన్న లైట్‌మ్యాన్. షూటింగ్ ఉన్న రోజు టిఫిన్, మధ్యాహ్నం భోజనం ప్రొడక్షన్ వాళ్లే పెడతారు. అందుకే కృష్ణానగర్‌లో మా ఇంటి సరుకుల చిట్టా పేరుకి నలుగురిది, లెక్క మాత్రం మూడున్నర మందిది. 2025 ఆగస్టులో సినీ కార్మికుల సమ్మెతో షూటింగులు ఆగాయి. కూలి రాలేదు, నాన్న మూడు పూటలూ ఇంట్లోనే తిన్నారు. ఆ నెలే చిట్టా నా చేతికొచ్చింది. పూటపూటకీ ప్రోటీన్ ఉండాలన్నది నా షరతు.

"రోజూ పప్పు వండుతున్నాగా, ఇంకేం కావాలే?" అంది అమ్మ. పచ్చి కందిపప్పు కొలిచి చూశాను. ఆమె వేసే టీ గ్లాసుకి వంద గ్రాములు పట్టింది. అందులో ప్రోటీన్ ఇరవై రెండు గ్రాములు. తలా ఐదున్నర, అంటే ఒక గుడ్డు పాటి కూడా లేదు. గిన్నె నిండుగా కనిపించడానికి కారణం నీళ్లూ టమాటాలూ. రాత్రికి ఆ మిగిలింది ఇంకా పలచబడి చారవుతుంది, అమ్మ అందరికన్నా ఆఖర్న తింటుంది. ఎవరికి తక్కువ పడుతోందో విడిగా చెప్పాలా.

పెద్దవాళ్లకి బరువులో కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మా నలుగురి బరువు కలిపితే 210 కిలోలు. అంటే దాదాపు 175 గ్రాములు, ఎదిగే తమ్ముడికి కాస్త ఎక్కువే అనుకోండి. రేషన్ బియ్యం తలా ఆరు కిలోలు, నెలకి 24. రోజుకి 800 గ్రాములు వండితే అరవై గ్రాముల ప్రోటీన్ అక్కడే వస్తుంది. బియ్యంలో కొరతగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది కాబట్టి రెండూ కలిసి తినాలి. ఇక కొనాల్సింది 115.

పొద్దున పెసరట్టుకి 200 గ్రాముల పెసలు నానబోస్తే 48 వచ్చాయి. మధ్యాహ్నం పప్పు ఒక గ్లాసు కాదు, రెండు: 44. రాత్రి నాలుగు గుడ్లు: 24. మా వీధి కొట్టు ధరల్లో పెసలకి 24 రూపాయలు, కందిపప్పుకి 26, గుడ్లకి 28. రోజుకి 78, నెలకి 2,340. ఇడ్లీ రోజున పిండిలో మినప్పప్పు తక్కువే కాబట్టి పుట్నాల చట్నీ గట్టిగా, ఎక్కువగా చేయాలి. ఉప్మా రోజున అదీ చాలదు, పల్లీలు కూడా పడాలి.

గుడ్ల ట్రేలు నెలకి నాలుగు. నెలాఖరుకి డబ్బులు తగ్గితే 50 గ్రాముల మీల్ మేకర్, ఎనిమిది రూపాయలతో నాలుగు గుడ్లంత ప్రోటీన్. ఉడికించి, రెండుసార్లు పిండి వండితే వాసన పోతుంది, లేకపోతే తమ్ముడు కంచం జరిపేస్తాడు.

ఆదివారం కిలో చికెన్ తీసేద్దామన్నాను. ఎముకలు పోను దాంట్లో దక్కే ప్రోటీన్ పప్పుకంటే మూడింతల ఖరీదు. "కూర వాసన లేని ఆదివారమేంటమ్మా" అన్నారు నాన్న. అరకిలోకి ఒప్పించాను.