క్లెయిము తిరగ్గొట్టిన మెయిలు వస్తే...

2025 ఆగస్టులో మా పేరాలలో మగ్గం నేసే పెద్దాయన కొడుకు సెల్‌ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చారు. "డాక్టరుగారూ! బీమా డబ్బు ఇచ్చేది లేదని రాశారు. ఇక ఇంతేనా?" అన్నారు. జులైలో గుండెకు స్టెంటు వేయించుకున్నారాయన. బిల్లు 1,86,000 రూపాయలు.

మెయిలు చదివాను. పైభాగంలో కారణం ఉంది: పాలసీ తీసుకునేనాటికే మధుమేహం ఉన్నా చెప్పలేదట. అడుగున, ఎవరూ చదవని చోట, కంపెనీ ఫిర్యాదుల అధికారి చిరునామా ఉంది. ఈ రెండూ వేరువేరు సంగతులు. కారణానికి కాగితాలతో జవాబు చెప్పాలి. ఆ జవాబు ఎక్కడ, ఎన్నాళ్ళలోగా ఇవ్వాలన్నది రెండోది. మనవాళ్ళు రెంటినీ కలిపేసి "పేదవాళ్ళం, దయచూడండి" అని రాస్తారు. దానివల్ల ఫలితం ఉండదు.

ఇంతకీ ఆ కారణం ఎక్కడ పుట్టింది? డిశ్చార్జి కాగితంలో "పదేళ్ళుగా షుగరు" అని ఒక్క ముక్క ఉంది. అర్ధరాత్రి కంగారులో అల్లుడు నోటికొచ్చినట్లు చెప్పిన లెక్క అది! ఆయన మొదటి రక్తపరీక్ష కాగితం మాత్రం 2021 నాటిది. పాలసీ 2019 ఏప్రిల్‌ది. కేసు షీటు దిద్దించవద్దు, అనుమానం పెరుగుతుంది. ఆ మాట ఎవరు చెబితే రాశారో వివరిస్తూ వైద్యుడి చేత ఉత్తరం రాయించుకోవాలి.

ఇంతకంటే బలమైన జవాబు మరొకటి ఉంది. బీమా నియంత్రణ సంస్థ 2024లో పెట్టిన నిబంధన ప్రకారం, పాలసీ ఎడతెగకుండా 60 నెలలు నడిస్తే, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదు. మోసం రుజువైతే తప్ప. ఈయన పాలసీకి ఆరేళ్ళు నిండాయి. అయితే 2023లో 3 లక్షల పాలసీని 5 లక్షలకు పెంచారు. పెంచిన 2 లక్షలకు లెక్క మళ్ళీ మొదటినుంచి. బిల్లు 3 లక్షల లోపే కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు.

ఇక దారి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికే రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. మన రాష్ట్రానికి కార్యాలయం హైదరాబాదులో ఉంది, cioins.co.in లోనూ ఫిర్యాదు పంపవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల దాకా వింటారు. అక్కడి తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. అయితే ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఫిర్యాదుల అధికారి పాత వాక్యాన్నే తిరిగి రాశారు. అంబుడ్స్‌మన్‌కు పంపాక, విచారణకు ముందే కంపెనీ 1,71,000 చెల్లించింది. మిగతాది చేతితొడుగులు, సిరంజిల వంటివాటి కింద కోత. ఆ కోత పాలసీలో రాసి ఉన్నదే, దానికోసం పోట్లాడవద్దని చెప్పాను.